7.6 శాతం పన్ను రహిత బాండు నిజంగా 11 శాతం డిపాజిట్‌తో సమానమా?

విశ్రాంత_మాస్టారు

అందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ చేసి మూడేళ్లయింది. చేతిలో పది లక్షలు ఉన్నాయి, ఐదేళ్ల దాకా వాటితో అవసరం లేదు. ఒక బ్రోకరు ప్రభుత్వ రంగ సంస్థ పన్ను రహిత బాండు చూపించాడు. 2016లో జారీ అయింది, 2031లో అసలు తిరిగి ఇస్తారు. ముఖవిలువ 1,000, ఏటా 7.6 శాతం వడ్డీ, దానిమీద పన్ను లేదు. ఆయన ఇచ్చిన కాగితం మీద "ఇది 11.05 శాతం బ్యాంకు డిపాజిట్‌తో సమానం" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇప్పుడు బజారులో దాని ధర 1,085. నా బ్యాంకు ఐదేళ్ల డిపాజిట్‌కు, పెద్దవాళ్లకిచ్చే అదనంతో కలిపి, 6.75 శాతం ఇస్తానంటోంది.

నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 11.60 లక్షలు, పింఛనూ చిన్నపాటి అద్దే. పన్ను సున్నా వస్తోంది. ఆ 11.05 నాకు వర్తిస్తుందా?

శ్రీను_మదుపు

మాస్టారూ, సూత్రం సులువే. బాండు రాబడిని, ఒకటిలోంచి మీ పన్ను రేటు తీసేస్తే మిగిలిన దానితో భాగించాలి. 30 శాతం శ్లాబుకు సెస్సు కలిపితే 31.2. అందుకే 7.6ను 0.688తో భాగించి 11.05 అన్నాడు. మీరు ఆ శ్లాబులో లేరు కాబట్టి ఆ అంకె మీది కాదు. డిపాజిట్ వడ్డీ కలిస్తే మీరు 12 లక్షలు దాటి 15 శాతం శ్లాబులోకి వస్తారు, సెస్సుతో 15.6. అప్పుడు 7.6ను 0.844తో భాగిస్తే 9 శాతం. బ్యాంకు ఇచ్చేది 6.75. ఇక ఆలోచించడానికి ఏముంది, బాండు కొనేయండి.

పద్మజ_లెక్కలు

శ్రీను గారూ, భాగహారం సరిగ్గానే ఉంది, పైన పెట్టిన అంకె తప్పు. 7.6 అన్నది వెయ్యి రూపాయలకు. మాస్టారు 1,085 పెట్టి కొంటున్నారు.

శ్రీను_మదుపు

సరే, 76ను 1,085తో భాగించండి. 7 శాతం వస్తుంది. అయినా 6.75 కన్నా ఎక్కువే, పైగా పన్ను లేదు. ఇప్పుడూ బాండే గెలిచింది.

పద్మజ_లెక్కలు

ఏడూ కాదండీ. 2031లో ఆయన చేతికి వచ్చేది 1,085 కాదు, 1,000. మధ్యలో 85 రూపాయలు కరిగిపోతాయి, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుసలో తేదీలు, పక్కన డబ్బు రాకపోకలు వేయండి. ఇవాళ మైనస్ 1,085, తర్వాత నాలుగేళ్లు 76 చొప్పున, ఐదో ఏట 1,076. తర్వాత ఇది కొట్టండి:

```
=XIRR(B2:B7, A2:A7)
```

5.6 శాతం వస్తుంది. బాండు అసలు రాబడి అదే. సూత్రంలో పైన ఉండాల్సింది కూడా అదే, బాండు మీద అచ్చయిన 7.6 కాదు.

మాస్టారు గారికి ఒక మాట. పది లక్షలకు సుమారు 921 బాండ్లు వస్తాయి. ఏటా దాదాపు 70,000 మీ ఖాతాలో పడుతుంది. అదంతా వడ్డీ అనుకుని ఖర్చు పెట్టుకుంటే 2031లో మీకు మిగిలేది 9.21 లక్షలే. అందులో నిజమైన రాబడి ఏడాదికి 56,000. మిగతా 14,000 మీ అసలే మీకు వాయిదాల్లో తిరిగి వస్తోందన్న మాట. ఆ 14,000 ఏటా మళ్లీ ఎక్కడైనా అదే రేటుకు మదుపు చేస్తేనే పది లక్షలు పది లక్షలుగా ఉంటాయి. పింఛనుదారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే ఖాతాలో పడిన డబ్బు మీద 'ఇది వడ్డీ, ఇది అసలు' అని రాసి ఉండదు.

కిరణ్_సాఫ్ట్

పద్మజ గారు చెప్పిన 5.6 పట్టుకుని అన్ని శ్లాబులకూ వేసి చూశాను. ఇటు డిపాజిట్‌నూ సరిచేయాలి. బ్యాంకు చెప్పే 6.75 మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడుతుంది కాబట్టి ఏడాదికి 6.92 అవుతుంది. బాండు వడ్డీ ఏడాదికోసారి వస్తుంది. రెండింటినీ ఏడాది లెక్కకు తెచ్చాకే పోల్చాలి.

కొత్త విధానంలో 2025-26 శ్లాబులు, 4 శాతం సెస్సు కలిపి, 5.6 శాతం బాండుకు సమానంగా డిపాజిట్ ఎంత ఇవ్వాలంటే:

5 శాతం శ్లాబుకు 5.91
10కి 6.25
15కి 6.64
20కి 7.07
25కి 7.57
30కి 8.14

డిపాజిట్ 6.92 ఇస్తోంది. అంటే 15 శాతం శ్లాబు దాకా డిపాజిట్ మేలు, 20 నుంచి బాండు మేలు. మలుపు ఎక్కడుందో చూస్తే సెస్సుతో కలిపి 19 శాతం పన్ను దగ్గర. నేను 30లో ఉన్నాను, నాకు డిపాజిట్ పన్ను పోగా 4.76 మిగులుస్తుంది, బాండు 5.6. ఆదాయం 50 లక్షలు దాటి సర్‌చార్జి పడేవాళ్లకు ఇంకా తేడా, 8.5 శాతం డిపాజిట్ దొరికితేగానీ సమానం కాదు.

విశ్రాంత_మాస్టారు

అయితే కిరణ్ గారి జాబితా ప్రకారం నాకు డిపాజిట్టే మంచిదన్న మాట. ఇప్పుడు సున్నా, మహా అయితే 15. ఎటు చూసినా 19 కన్నా తక్కువే. బ్రోకరు కాగితం పక్కన పడేస్తాను. అందరికీ ధన్యవాదాలు.

పద్మజ_లెక్కలు

మాస్టారూ, ఒక్క క్షణం ఆగండి. కిరణ్ గారి జాబితా సరైనదే, కానీ మీ ఆదాయం సరిగ్గా ఆ జాబితా పనిచేయని చోట ఉంది.

శ్లాబు పేరు చూసి సూత్రంలో రేటు వేయకూడదు. ఈ డిపాజిట్ వడ్డీ లేకుండా మీ పన్ను ఎంత, ఉంటే ఎంత, ఆ తేడాను వడ్డీతో భాగిస్తే వచ్చేదే మీ రేటు. మీకు వేసి చూద్దాం.

డిపాజిట్ లేకుండా ఆదాయం 11.60 లక్షలు. 87ఎ రిబేటు వల్ల పన్ను సున్నా. బాండు కొన్నా ఇదే, ఎందుకంటే దాని వడ్డీ మొత్తం ఆదాయంలో కలవదు. రిటర్నులో మినహాయింపు ఆదాయం కింద చూపించాలంతే.

పది లక్షలు డిపాజిట్ చేస్తే మొదటి ఏడాది వడ్డీ 69,228. ఆదాయం 12,29,228. పన్నెండు దాటింది కాబట్టి రిబేటు పోయింది. మామూలుగా అయితే పన్ను 64,384 పడాలి. మార్జినల్ రిలీఫ్ ఉంది కాబట్టి 12 లక్షలకు పైనున్న 29,228 మాత్రమే కడతారు. సెస్సుతో 30,397.

సున్నా కట్టాల్సిన చోట 30,397 కడుతున్నారు, 69,228 వడ్డీ కోసం. అంటే మీ రేటు 15.6 కాదు, దాదాపు 44 శాతం. పది లక్షల మీద మీకు మిగిలేది 38,831, అంటే 3.88 శాతం. బాండు 5.6. మీ విషయంలో ఆ బాండుకు సమానమైన డిపాజిట్ దాదాపు 10 శాతం ఇవ్వాలి.

బ్రోకరు తప్పుడు అంకెను తప్పుడు రేటుతో భాగించి సరైన జవాబుకు దగ్గరగా వచ్చాడు. అది ఆయన గొప్పతనం కాదు.

శ్రీను_మదుపు

44 శాతమా? దేశంలో మామూలు మనిషికి అంత పన్ను ఎక్కడుందండీ? మార్జినల్ రిలీఫ్ పన్ను తగ్గించడానికే కదా పెట్టారు. 64 వేలు కట్టాల్సింది 29 వేలకు తగ్గింది. అది లాభం, మీరు నష్టంగా చూపిస్తున్నారు.

పద్మజ_లెక్కలు

రిలీఫ్ మేలే చేసింది, కాదనను. అది లేకపోతే 69 వేల వడ్డీకి దాదాపు 67 వేలు పన్ను కట్టేవారు. కానీ మనం పోలుస్తున్నది రిలీఫ్ ఉన్న పన్నుతో రిలీఫ్ లేని పన్నును కాదు. డిపాజిట్ ఉన్నప్పటి పన్నుతో బాండు ఉన్నప్పటి పన్నును. బాండు ఉంటే సున్నా.

రిలీఫ్ పనిచేసే తీరు చూడండి. 12 లక్షల పైన ప్రతి రూపాయినీ పూర్తిగా పన్నుగా తీసుకుంటారు, దానిమీద నాలుగు పైసల సెస్సు. మామూలు పన్ను దీనికన్నా తక్కువయ్యేదాకా, అంటే సుమారు 12 లక్షల 70 వేల దాకా, ఇలాగే సాగుతుంది. ఆ 70 వేల పట్టీలో ఒక రూపాయి అదనంగా సంపాదిస్తే చేతినుంచి 1 రూపాయి 4 పైసలు పోతాయి. మాస్టారి వడ్డీలో మొదటి 40 వేలు ఈ పట్టీ కన్నా కింద ఉన్నాయి, వాటికి పన్ను సున్నా. మిగతా 29 వేలు పట్టీలో పడ్డాయి. రెండూ కలిపితే సగటు 44.

ఇంకో చిత్రం. ఇదే పది లక్షలు, ఇవే రేట్లు. మిగతా ఆదాయం 11 లక్షలున్న మనిషికి డిపాజిట్ మేలు, వడ్డీ కలిపినా 12 దాటడు. 11.60 ఉన్న మాస్టారికి బాండు. 13 లక్షలున్న వారికి మళ్లీ డిపాజిట్, వాళ్లది నికరంగా 15.6 శాతమే. 17 లక్షలున్న వారికి మళ్లీ బాండు, అదీ వెంట్రుకవాసి తేడాతో. ఆదాయం పెరిగేకొద్దీ బాండు మేలవుతుందన్నది ఈ మధ్య భాగంలో నిజం కాదు.

భాగ్యలక్ష్మి

నేను రోజూ ఈ చర్చలు చదువుతాను, రాయడం ఇదే మొదలు. మీరంతా అనవసరంగా తికమక పెట్టుకుంటున్నారు. పెద్దవాళ్లకు ఏడాదికి లక్ష దాకా డిపాజిట్ వడ్డీ మీద పన్ను లేదు కదా. మా బ్యాంకులో నాకు ఇంతవరకు ఒక్క రూపాయి కోయలేదు. నా వడ్డీ 45 వేలు.

కిరణ్_సాఫ్ట్

అమ్మా, ఆ లక్ష బ్యాంకు టీడీఎస్ కోయడానికి పెట్టిన హద్దు. 2025 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకు దాన్ని లక్ష చేశారు. బ్యాంకు కోయనంత మాత్రాన పన్ను లేదని కాదు, ఆ వడ్డీని రిటర్నులో చూపించి శ్లాబు ప్రకారం మనమే కట్టాలి. వార్షిక సమాచార నివేదికలో ఆ వడ్డీ ఎలాగూ కనబడుతుంది.

భాగ్యలక్ష్మి

రిటర్నులో చూపిస్తున్నాను బాబూ, మా ఆడిటరే వేస్తారు. నేను పాత విధానంలోనే ఉన్నాను, ఇంటి అప్పు వడ్డీ ఉంది కాబట్టి. అన్నీ పోగా 9 లక్షలు తేలుతుంది, 20 శాతం శ్లాబు అన్నారు. అయినా ఈ వడ్డీకి పన్ను పడలేదనే చెప్పారు.

పద్మజ_లెక్కలు

భాగ్యలక్ష్మి గారి జవాబు సరైనదే, కారణం వేరు. పాత విధానంలో 60 దాటినవారికి 80టీటీబీ కింద డిపాజిట్ వడ్డీలో 50,000 దాకా మినహాయింపు ఉంది. మీ 45 వేలూ అందులోనే సరిపోయాయి. కాబట్టి మీరు 20 శాతం శ్లాబులో ఉన్నా ఈ వడ్డీ మీద మీ రేటు సున్నా. కిరణ్ గారి పద్ధతిలో శ్లాబు చూసి లెక్క వేస్తే మీకు బాండు మేలని తేలేది, అది తప్పయ్యేది. మీకు డిపాజిట్టే మంచిది, ఇంకో 5 వేల వడ్డీ వచ్చేదాకా కూడా. ఆ పైన వేసే డబ్బుకు 20.8 శాతం పడుతుంది, అప్పుడు మళ్లీ చూడాలి.

కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. మాస్టారికి అందుకే చెప్పలేదు.

మూర్తి_గారు

ఇంత గొడవెందుకు? ఆ పది లక్షలు మాస్టారి భార్య పేరు మీద డిపాజిట్ చేస్తే సరి. ఆవిడకు ఆదాయం లేకపోతే పన్నూ లేదు, లెక్కలూ లేవు.

పద్మజ_లెక్కలు

భర్త డబ్బు ఊరికే భార్య పేరు మీద వేస్తే, దానిమీద వచ్చే వడ్డీ మళ్లీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆవిడ సొంత డబ్బయితే మీరన్నది నిజం.

మూర్తి_గారు

మా వీధిలో సగం మంది అలాగే చేస్తున్నారు.

కిరణ్_సాఫ్ట్

చేస్తున్నారు, నిజమే. మాస్టారిని మాత్రం ఆ లెక్కలోకి లాగకండి.

నాకు ఒక ఆలోచన వచ్చింది. మొత్తం అటో ఇటో ఎందుకు? మాస్టారికి 12 లక్షల హద్దు దాకా 40 వేల ఖాళీ ఉంది. ఆ ఖాళీలో పడే వడ్డీకి పన్ను సున్నా, అక్కడ డిపాజిట్ 5.6 శాతం బాండును ఓడిస్తుంది. కాబట్టి ఐదు లక్షలు డిపాజిట్, ఐదు లక్షలు బాండు. డిపాజిట్ మీద వడ్డీ 33,750, పన్ను లేదు. బాండు మీద నిజమైన రాబడి సుమారు 28 వేలు. మొత్తం దాదాపు 61,700. అంతా బాండు అయితే 56,000, అంతా డిపాజిట్ అయితే 38,831.

ఒక జాగ్రత్త. డిపాజిట్‌ను వడ్డీ చేతికిచ్చే రకంగా తీసుకోవాలి. చివర్లో ఒకేసారి ఇచ్చే రకంలో వడ్డీ ఏటేటా పెరుగుతుంది, బ్యాంకు చేతికివ్వకపోయినా ఆ ఏడాది ఆదాయంగా చూపిస్తుంది. నాలుగో ఏట అది 42 వేలు దాటుతుంది, అంటే 40 వేల ఖాళీ మించిపోతుంది.

విశ్రాంత_మాస్టారు

కిరణ్ గారి పంపకం నాకు నచ్చింది. ఒక సందేహం. మా పింఛనుకు కరువు భృతి పెరుగుతూ ఉంటుంది. వచ్చే ఏడాదికి ఈ 40 వేల ఖాళీ మిగులుతుందా?

పద్మజ_లెక్కలు

మిగలదు. అడగాల్సిన ప్రశ్న అదే.

మీ ఆదాయం ఏటా 4 శాతం పెరుగుతుందనీ, పన్ను నియమాలు ఇలాగే ఉంటాయనీ అనుకుందాం. రెండూ ఊహలే. రెండో ఏడాదికి డిపాజిట్ లేకుండానే మీ ఆదాయం 12,06,400. అంటే మీరు పట్టీలోకి అడుగు పెట్టేశారు. కిరణ్ గారి ఐదు లక్షల డిపాజిట్ మీద వచ్చే 33,750 మొత్తం పట్టీలోనే పడుతుంది. దానిమీద పన్ను 35,100. వడ్డీ కన్నా పన్ను ఎక్కువ! ఆ ఏడాది ఆ డబ్బును బీరువాలో పెట్టుకున్నా 1,350 రూపాయలు మిగిలేవి.

మొత్తం పది లక్షలూ డిపాజిట్‌లో ఉంటే రెండో ఏడాది మీ రేటు దాదాపు 98 శాతం. మూడో ఏడాది ఆదాయం 12.55 లక్షలకు చేరుతుంది, పట్టీలో కొద్ది భాగమే మిగులుతుంది కాబట్టి రేటు 36కు దిగుతుంది. నాలుగు, ఐదు ఏళ్లలో మీరు పట్టీ దాటేసి ఉంటారు, అప్పుడు మామూలు 15.6. వడ్డీ ఏటా ఒకేలా ఉందనుకుని ఐదేళ్ల సగటు తీస్తే దాదాపు 42 శాతం. 19 దగ్గర మలుపు అనుకున్నాం కదా, దానికి చాలా పైన. కాబట్టి ఐదేళ్లూ కలిపి చూస్తే మాస్టారికి బాండే. కానీ చివరి రెండేళ్లలో బాండు కొద్దిగా వెనకబడుతుందని తెలిసి కొనాలి.

కిరణ్_సాఫ్ట్

ఒప్పుకుంటున్నాను. అయితే నా ఐదు లక్షల డిపాజిట్‌ను ఏడాదికే వేయమంటే? మొదటి ఏడాది ఖాళీ వాడుకుని, అది పూర్తయ్యాక బాండు కొనుక్కోవచ్చు.

పద్మజ_లెక్కలు

లెక్క ప్రకారం సరే. ఆ ఏడాదిలో వడ్డీ రేట్లు తగ్గి బాండు ధర పెరిగితే, అప్పుడు మీకు దొరికే రాబడి 5.6 ఉండదు. రేట్లు పెరిగితే ఇంకా చవగ్గా దొరుకుతుంది. మీ పంపకంలో మొదటి ఏడాది ఎక్కువ వచ్చేది 5,700. ధర 1,085 నుంచి పది రూపాయలు పెరిగితే ఐదు లక్షల మీద అందులో చాలా భాగం పోయినట్టే. నేనైతే ఆ అయిదు వేల కోసం ఏడాది ఆగను. ఇక్కడ ఆగేవాళ్లను తప్పు పట్టను.

శ్రీను_మదుపు

నాకు ఈ ఐదేళ్ల లెక్క మీదే నమ్మకం లేదు. రిబేటు హద్దు మొన్నమొన్నటి దాకా 7 లక్షలు. 2025 బడ్జెట్‌లో 12 చేశారు. రెండేళ్లలో 15 చేయరని ఎవరన్నారు? చేస్తే మాస్టారికి పన్నే ఉండదు, అప్పుడు 6.92 డిపాజిట్ వదిలి 5.6 బాండు పట్టుకున్నందుకు ఏడాదికి పదమూడు వేలు పోగొట్టుకున్నట్టు. మీ పట్టీ అంతా ఒక్క బడ్జెట్ ప్రసంగంతో మాయమవుతుంది.

పద్మజ_లెక్కలు

మంచి ప్రశ్నే. మారవచ్చు. హద్దు పెంచితే డిపాజిట్ గెలుస్తుంది, రిబేటు ఎత్తేసినా డిపాజిట్టే, ఎందుకంటే అప్పుడు పట్టీ పోయి మాస్టారి రేటు 15.6 దాటదు. మొదటి మూడేళ్లలో తేడా పెద్దది కాబట్టి, చట్టం ఆలస్యంగా మారితే మాస్టారికి నష్టం లేదు. వెంటనే మారితే మీరన్నదే నిజం. నేను ఇవాళ అమలులో ఉన్న చట్టంతోనే లెక్క వేస్తాను, రాబోయే బడ్జెట్ మీద పందెం కాయను.

శ్రీను_మదుపు

చట్టం మారదనుకోవడమూ పందెమేనండీ.

కిరణ్_సాఫ్ట్

అది మీ ఇద్దరి మధ్య తేలదు గానీ, మాస్టారు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్పండి పద్మజ గారూ. నేను ఇలాంటి బాండు ఒకటి కొన్నప్పుడు తెరమీద కనిపించిన ధరకు దొరకలేదు.

పద్మజ_లెక్కలు

దొరకదు. ఇవి 2015-16 తర్వాత కొత్తగా రాలేదు. ఉన్నవాళ్లు చాలామంది గడువు దాకా ఉంచుకుంటారు, అందుకని ఎక్స్ఛేంజీలో రోజుకు చేతులు మారేవి కొద్దే. తెరమీద కనబడేది చివరిసారి అమ్ముడైన ధర, అది నాలుగు రోజుల కిందటిదై ఉండవచ్చు. ఇప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న ధర, వాళ్ల దగ్గరున్న సంఖ్య చూడండి. 921 బాండ్లు ఒకేసారి మార్కెట్ ఆర్డరు పెడితే ధరను మీరే పైకి తోసేస్తారు. మీ ధర మీరు నిర్ణయించి లిమిట్ ఆర్డరు పెట్టి, కొద్దికొద్దిగా కొనండి. బాండుకు ఐదు రూపాయలు ఎక్కువ పెడితే రాబడి 5.6 నుంచి సుమారు 5.5కు దిగుతుంది. బ్రోకరేజీ కూడా ఇందులోకే వస్తుంది.

ఎక్స్ఛేంజీ నగదు విభాగంలో కనబడే ధరలో అప్పటిదాకా పేరుకున్న వడ్డీ కలిసే ఉంటుంది. మాస్టారు చెప్పిన 1,085 వడ్డీ చెల్లించిన వెంటనే ఉన్న ధర అనుకుని నేను లెక్క వేశాను. అదే బాండు పది నెలల తర్వాత సుమారు 1,135 చూపించినా ఖరీదైనట్టు కాదు, అందులో 63 రూపాయలు పేరుకున్న వడ్డీయే. అందుకే కొనే రోజు అసలు తేదీలతో ఎక్స్‌ఐఆర్‌ఆర్ మళ్లీ వేసుకోండి. కొన్ని సిరీస్‌లలో చిన్న మదుపరులకు ఇచ్చిన పావు శాతం అదనపు వడ్డీ, బాండు చేతులు మారితే తగ్గే షరతు ఉంటుంది. మీకు 7.6 వస్తుందా, 7.35 వస్తుందా అన్నది బ్రోకరు మాట మీద కాకుండా జారీ పత్రంలో చూడండి. 7.35 అయితే ఇదే ధరకు రాబడి సుమారు 5.4 మాత్రమే.

మూర్తి_గారు

భద్రత సంగతి ఎవరూ చెప్పలేదు. డిపాజిట్‌కు బీమా ఉంది. బాండుకు ఏముంది?

పద్మజ_లెక్కలు

డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల దాకా, అసలూ వడ్డీ కలిపి. పది లక్షలు ఒకే బ్యాంకులో వేస్తే సగానికే. బాండు వెనక ప్రభుత్వ రంగ సంస్థ ఉంది, ఆస్తుల మీద హామీ ఉంటుంది, కానీ అది ప్రభుత్వ గ్యారంటీ కాదు. దీన్ని శాతాల్లోకి మార్చి సూత్రంలో పెట్టడం నాకు చేతకాదు. మధ్యలో డబ్బు అవసరం పడితే మాత్రం డిపాజిట్ మేలు, కొంత వడ్డీ కోతతో బయటపడవచ్చు. బాండును ఆ రోజు కొనేవాడు చెప్పిన ధరకు అమ్ముకోవాలి.

విశ్రాంత_మాస్టారు

ఇవాళ ధరలు చూశాను. 1,085కు అమ్మేవాళ్లు 40 బాండ్లకే ఉన్నారు. తర్వాతి ధర 1,093. నా లెక్కలో 1,093కు రాబడి 5.4 చిల్లర వచ్చింది. 1,086కు వంద బాండ్లకు ఆర్డరు పెట్టి కూర్చున్నాను. వారం చూసి దొరికినంత తీసుకుంటాను. జారీ పత్రం కూడా తెప్పించుకున్నాను, వడ్డీ తగ్గే షరతు ఏ పేజీలో ఉంటుందో ఎవరైనా చెప్పగలరా?

పద్మజ_లెక్కలు

జారీ నిబంధనల పట్టికలో, వడ్డీ రేటు వరస కిందనే చిన్న అక్షరాల్లో చూడండి మాస్టారూ. ఆ వాక్యం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.